పాల బిల్లు మిషన్‌కి ఏ మైక్రోకంట్రోలర్? ముందు సీరియల్ లైన్లు లెక్కపెట్టండి

ప్రశ్న: నమస్తే అన్నా. మాది తిరుపతి, ముగ్గురం కలిసి చిన్న యూనిట్ పెట్టాం. చిత్తూరు, పలమనేరు వైపు పాల సెంటర్లకి కాటా, ఫ్యాట్ మిషన్, ప్రింటర్ కలిపి బిల్లు కొట్టి, సిమ్ ద్వారా డేటా పంపే బాక్సు చేస్తున్నాం. మొదటి ఏడాది వెయ్యి పీసులు అనుకుంటున్నాం. శాంపిల్ ఆర్డుయినో మెగా మీద నడుస్తోంది. అమ్మే బోర్డులో ఏ కంట్రోలర్ పెట్టాలి? STM32F103 చవక అంటున్నారు, ESP32 అయితే వైఫై కూడా వస్తుందంటున్నారు. చీటీ తెలుగులో రావాలి.

జవాబు:

నేనైతే STM32G0B1 తీసుకుంటాను, 64 పిన్నుల ఎల్‌క్యూఎఫ్‌పీ ప్యాకేజీలో. మొదటి బోర్డుల మీద 512 కేబీ ఫ్లాష్ ఉన్న STM32G0B1RET6 వేయండి. సాఫ్ట్‌వేర్ కుదురుకున్నాక కావాలంటే 256 కేబీ ఉన్న STM32G0B1RCT6కి దిగండి, బోర్డు మార్చక్కర్లేదు. పక్కన 4 ఎంబీ ఎస్‌పీఐ ఫ్లాష్ చిప్ ఒకటి పెట్టండి. మీరు చెప్పిన రెండు చిప్పులూ చెడ్డవని కాదు, మీ బాక్సు పనికి సరిపోవు. ఎందుకో వివరంగా చెబుతాను. వేరే బాక్సు అయితే జవాబు మారుతుంది కాబట్టి ఎంపిక ఎలా చేశానన్నదే మీకు ఎక్కువ ఉపయోగం.

చాలామంది ధరల పట్టిక తెరిచి ఎన్ని మెగాహెర్ట్జ్, ఎంత ఫ్లాష్ అని చూస్తారు. పాల సెంటర్ బాక్సుకి మెగాహెర్ట్జ్‌తో దాదాపు పనే లేదు. ఇది లెక్కలు చేసే మిషన్ కన్నా నలుగురు చెప్పేది ఒకేసారి వినే మిషన్. అందుకే కాగితం మీద ముందు రాయాల్సింది బోర్డుకి తగిలే సీరియల్ వైర్లు.

యూఆర్ట్‌లు ఎన్ని కావాలి?

కాటా నుంచి ఒకటి. చాలా కాటాలు మనం అడగకుండానే బరువును వరసగా పంపుతూనే ఉంటాయి. ఫ్యాట్ మిషన్ నుంచి రెండోది. ఇది శాంపిల్ పరీక్ష అయ్యాక కొవ్వు, ఎస్‌ఎన్‌ఎఫ్ ఫలితాన్ని ఒక్కసారి పంపి ఊరుకుంటుంది. ప్రింటర్‌కి మూడోది, 4జీ మోడెమ్‌కి నాలుగోది. పాలు పోసేవాళ్లకి కనపడేలా బయట పెద్ద అంకెల డిస్‌ప్లే కావాలని డెయిరీ వాళ్లు ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు, అది ఐదోది. మీ డీబగ్ లైను ఆరోది. డీబగ్ లైను లేకుండా బోర్డు బయటికి పంపితే పలమనేరులో ఆగిన మిషన్ ఎందుకు ఆగిందో తిరుపతిలో కూర్చుని తెలుసుకోలేరు.

మెగా మీద ఉన్న ATmega2560లో యూఆర్ట్‌లు నాలుగు, మీ శాంపిల్ నడుస్తున్నది అందుకే. STM32F103C8T6లో మూడే. ESP32లో కూడా మూడే, అందులో యూఆర్ట్0 ప్రోగ్రామ్ ఎక్కించడానికీ లాగ్‌కీ పోతుంది. STM32G0B1లో మామూలువి ఆరు, తక్కువ కరెంటుతో నడిచేవి మరో రెండు.

మూడు యూఆర్ట్‌ల చిప్పుకి సీడీ4052 లాంటి స్విచ్ చిప్ పెట్టి, కాటానీ ఫ్యాట్ మిషన్‌నీ ఒకే లైను మీద మార్చి మార్చి వినొచ్చని ఎవరో ఒకరు చెబుతారు. అలా చేసిన బోర్డు ఒకటి బాగుచేయమని నా దగ్గరికి వచ్చింది. వాళ్ల ఫిర్యాదు, అప్పుడప్పుడూ కొవ్వు సున్నా వస్తోందని. ఆపరేటర్ బరువు చూస్తున్నాడు కాబట్టి స్విచ్ కాటా వైపు ఉంది. సరిగ్గా ఆ క్షణంలో ఫ్యాట్ మిషన్ తన ఫలితం పంపింది, వినేవాళ్లు లేరు. కాటా అయితే మళ్లీ పంపుతుంది, ఫ్యాట్ మిషన్ పంపదు. ఈలోపు ఆ రైతు పాలు క్యాన్‌లో కలిసిపోయాయి, శాంపిల్ మళ్లీ తీయడానికి లేదు. ఆపరేటర్ నిన్నటి కొవ్వు అంకె చేత్తో కొట్టాడు, గొడవ అయింది. సాఫ్ట్‌వేర్ ఎంత దిద్దినా తీరదు, ఎందుకంటే లోపం వైర్లలో ఉంది.

సాఫ్ట్‌వేర్ యూఆర్ట్ మాటేమిటంటారా? బయటి డిస్‌ప్లేకి 9600 వేగంతో పంపడం వరకు పర్వాలేదు. బయటినుంచి ఎప్పుడొస్తుందో తెలియని డేటా వినడానికి మాత్రం వద్దు.

యూఆర్ట్ ఉండటం వేరు, ఖాళీగా దొరకడం వేరు

డేటాషీట్ మొదటి పేజీలో "3 యూఆర్ట్, 2 ఎస్‌పీఐ" అని ఉంటుంది. ఆ మూడూ ఆ రెండూ ఒకేసారి మీకు కావాల్సిన తీరులో పనిచేస్తాయని దానర్థం కాదు. F103 సంగతే చూడండి. అందులో డీఎంఏ చానెళ్లు ఏ పెరిఫెరల్‌కి ఏదన్నది చిప్‌లోనే కట్టేసి ఉంటుంది. USART3కీ SPI1కీ చానెళ్లు 2, 3. USART1కీ SPI2కీ చానెళ్లు 4, 5. అంటే మూడు యూఆర్ట్‌లూ డీఎంఏ మీద నడిపితే ఎస్‌పీఐ ఫ్లాష్‌కి డీఎంఏ మిగిలేది లేదు. ఈ విషయం రిఫరెన్స్ మాన్యువల్‌లో డీఎంఏ అధ్యాయంలో ఒక పట్టికలో ఉంటుంది, ఎంపిక చేసేటప్పుడు అంత లోపలికి ఎవరూ పోరు. G0 కుటుంబంలో మధ్యలో మల్టీప్లెక్సర్ ఉంటుంది కాబట్టి ఏ చానెల్‌ని ఎవరికైనా ఇవ్వొచ్చు. G0B1లో చానెళ్లు 12.

G0లోనూ ఒక మెలిక ఉంది, ముందే చెప్పాలి. USART3 నుంచి USART6 వరకు అన్నింటికీ ఇంటరప్ట్ ఒక్కటే. హ్యాండ్లర్‌లోకి వచ్చాక ఎవరు పిలిచారో ఒక్కొక్కరి ఫ్లాగ్ చూసి తెలుసుకోవాలి. కష్టమేం కాదు, తెలియక రాస్తేనే ఇబ్బంది. వేగంగా మాట్లాడే మోడెమ్‌కి USART1 ఇవ్వండి. దాని ఇంటరప్ట్ దానిదే, దాన్ని ఇంకెవరూ పంచుకోరు.

డీఎంఏ గురించి ఇంత పట్టు ఎందుకంటే ఫ్లాష్ చెరిపే సమయం. ప్రోగ్రామ్ నడుస్తున్న ఫ్లాష్‌లోనే ఒక పేజీ చెరిపితే, చెరపడం పూర్తయ్యే వరకు ఆ ఫ్లాష్ నుంచి ప్రాసెసర్‌కి తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అందదు, ఆగిపోతుంది. అది 20 మిల్లీసెకన్లకు పైమాటే. 115200 వేగంలో సెకనుకి 11,520 అక్షరాలు వస్తాయి, 22 మిల్లీసెకన్లలో 253. సర్వర్ నుంచి కొత్త రేటు చార్టు దిగుతున్నప్పుడు దాన్ని లోపలి ఫ్లాష్‌లో రాస్తూ, మోడెమ్‌ని మామూలు ఇంటరప్ట్‌తో వింటే ఆ 253 అక్షరాలు పోయినట్టే. USART_ISR రిజిస్టర్‌లో ORE బిట్ లేచి ఉంటే జరిగింది ఇదే. టేబుల్ మీద దొరకదు, రేటు మారిన రోజే సెంటర్లలో బయటపడుతుంది. డీఎంఏ ఉంటే ప్రాసెసర్ ఆగినా వచ్చిన అక్షరాలు ర్యామ్‌లోకి చేరుతూనే ఉంటాయి. పైగా 256 కేబీ, 512 కేబీ G0B1లో ఫ్లాష్‌ని రెండు బ్యాంకులుగా వాడుకోవచ్చు, ఒక బ్యాంకు నుంచి ప్రోగ్రామ్ నడుస్తుండగా రెండోది చెరపొచ్చు.

తెలుగు చీటీయే మెమరీని తినేది

మీ ప్రశ్నలో చివరి ముక్క, "చీటీ తెలుగులో రావాలి", చిప్ ఎంపికను అన్నిటికన్నా ఎక్కువ మార్చేది అదే. చవక థర్మల్ ప్రింటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి, తెలుగు ఉండదు. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చే పని చిన్న కంట్రోలర్ మీద పెట్టుకోవద్దు. స్థిరమైన మాటలు (పాలు, లీటర్లు, కొవ్వు, రేటు, మొత్తం, ఉదయం, సాయంత్రం) కంప్యూటర్ మీద బొమ్మలుగా తయారుచేసి ప్రోగ్రామ్‌లో పెట్టండి. రైతుల పేర్లు సర్వర్‌లోనే బొమ్మలు చేసి బాక్సుకి దింపండి. అంకెలు ఎలాగూ 0 నుంచి 9 వరకే.

ఇప్పుడు లెక్క. 58 ఎంఎం ప్రింటర్‌లో అడ్డంగా 384 చుక్కలు, అంటే వరసకి 48 బైట్లు. ఒత్తులతో సహా ఒక తెలుగు లైనుకి 32 చుక్కల ఎత్తు కావాలి. 48 × 32 = 1,536 బైట్లు ఒక లైనుకి. చీటీలో 12 లైన్లు అనుకుంటే 18,432 బైట్లు. F103C8లో మొత్తం ర్యామ్ 20 కేబీ, అంటే 20,480 బైట్లు. చీటీ అంతా ర్యామ్‌లో తయారుచేస్తే మిగతా ప్రోగ్రామ్‌కి 2 కేబీ మిగులుతుంది. లైను లైనుగా తయారుచేసి పంపితే నడుస్తుంది, కాదనను. మీ మెగాలో ఉన్న 8 కేబీలో కూడా అలాగే నడపొచ్చు. కానీ పేపర్ అయిపోతే చీటీ మళ్లీ కొట్టడం, ప్రింట్ అవుతుండగా తర్వాతి రైతు బరువు తీసుకోవడం లాంటివి చేర్చేకొద్దీ ఆ పొదుపు ప్రతి ఫంక్షన్‌లోకీ పాకుతుంది. G0B1లో ర్యామ్ 144 కేబీ.

ప్రింటర్‌కి ఒక లైను బొమ్మ పంపే కమాండ్ ఇది, దీని వెనకే 1,536 బైట్లు వెళ్లాలి:

```
1D 76 30 00 30 00 20 00
```

మధ్యలో ఉన్న `30 00` అంటే 48 బైట్ల వెడల్పు, `20 00` అంటే 32 వరసల ఎత్తు. ఇక్కడే ఇంకో చిక్కు. 9600 వేగంలో సెకనుకి 960 బైట్లే పోతాయి. 18,432 బైట్ల చీటీకి 19 సెకన్లు. పొద్దున్నే క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు ఒక్కో చీటీకి 19 సెకన్లు ఆగరు. ప్రింటర్‌ని 115200కి మారిస్తే 1.6 సెకన్లు, ఇక ఆలస్యం ఏమైనా ఉంటే అది ప్రింటర్ హెడ్‌దే.

మెగాతోనే 115200 పెడదామంటే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి ఆ వేగం కచ్చితంగా రాదు. రెట్టింపు వేగం మోడ్‌లో 2.1 శాతం తప్పు, మామూలు మోడ్‌లో 3.5 శాతం. కొన్ని ప్రింటర్లు ఊరుకుంటాయి, కొన్ని చెత్త ముద్రిస్తాయి. G0B1 లోపలి ఆసిలేటర్ 0 నుంచి 85 డిగ్రీల వరకు ఒక శాతం లోపే ఉంటుంది, అయినా క్రిస్టల్ పెట్టమనే చెబుతాను. మే నెలలో రేకుల షెడ్డులో, సప్లై పక్కనే బిగించిన డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆర్డర్ కోడ్ చివర 6 ఉంటే ఆ చిప్ 85 డిగ్రీల వరకు పనిచేసే రకం, మీకు అది చాలు.

ఇక రికార్డులు. రేటు చార్టు పెద్దదనుకుంటారు గానీ చిన్నదే. కొవ్వు 3.0 నుంచి 10.0 వరకు 0.1 చొప్పున 71 మెట్లు, ఎస్‌ఎన్‌ఎఫ్ 7.5 నుంచి 9.5 వరకు 21 మెట్లు. 1,491 గళ్లు, గడికి 2 బైట్లు, ఆవుకీ గేదెకీ వేరుగా రెండు చార్టులు పెట్టినా 6 కేబీ లోపే. పెద్దవి రైతుల పేర్ల బొమ్మలు. 200 చుక్కల వెడల్పు, 32 ఎత్తు అంటే ఒక్కో పేరుకి 800 బైట్లు, 500 మందికి 4 లక్షల బైట్లు. రోజువారీ పోతలు రికార్డుకి 32 బైట్లనుకుంటే 500 మంది, రెండు పూటలు కలిపి రోజుకి 32,000 బైట్లు. 4 ఎంబీ ఎస్‌పీఐ ఫ్లాష్‌లో పేర్లకి ఒక ఎంబీ వదిలేసినా మూడు నెలల లెక్కలు నిలుస్తాయి. వీటిని కంట్రోలర్ లోపలి ఫ్లాష్‌లో పెట్టే ఆలోచన వద్దు. అది ప్రోగ్రామ్ ఉండటానికి చేసింది, రోజూ చెరిపి రాయడానికి కాదు.

ప్రోగ్రామ్ సైజు ఊహించొద్దు, కొలవండి:

```
arm-none-eabi-size milk.elf
   text    data     bss     dec     hex filename
  91240    1180   21416  113836   1bcac milk.elf
```

ఇది ఇలాంటి బాక్సు ప్రోగ్రామ్‌కి వచ్చే కొలత అనుకోండి. ఫ్లాష్ వాడకం `text + data`, అంటే 92,420. ర్యామ్ వాడకం `data + bss`, అంటే 22,596, దానికి స్టాక్ అదనం. ర్యామ్ F103C8లో పట్టదు, అది తేలిపోయింది. ఫ్లాష్ 128 కేబీలో పట్టేలా కనిపిస్తుంది. కానీ సిమ్ ద్వారా కొత్త ప్రోగ్రామ్ పంపాలంటే పాతది, కొత్తది రెండూ ఒకేసారి ఉండాలి, బూట్‌లోడర్ వేరే. 92,420ని రెట్టింపు చేసి 16 కేబీ కలిపితే 200 కేబీ దాకా వస్తుంది. కొత్త కాపీని ఎస్‌పీఐ ఫ్లాష్‌లో దింపి తర్వాత లోపలికి ఎక్కించే దారి కూడా ఉంది. కాకపోతే ఎక్కించే మధ్యలో కరెంటు పోతే తిరిగి మొదలుపెట్టే తెలివి బూట్‌లోడర్‌కి ఉండాలి. అందుకే మొదట 512 తీసుకోమన్నాను. డెయిరీ వాళ్ల కోరికలు మొదటి ఏడాదిలోనే ఎక్కువ వస్తాయి. అవి ఆగాక 256 చాలునో లేదో ఇదే కమాండ్ చెబుతుంది.

ESP32 ఎందుకు వద్దన్నాను

వైఫై బాగుంటుంది, మాడ్యూల్ చవక, ర్యామ్ ధారాళం. మీ సెంటర్లలో వైఫై ఎక్కడ ఉంది? డేటా పోయేది సిమ్ మీద. వాడని రేడియో కోసం మూడు యూఆర్ట్‌లతో సర్దుకోవాలి. పైగా దానికి కొన్ని అలవాట్లున్నాయి. పవర్ ఇవ్వగానే యూఆర్ట్0 మీద 115200 వేగంతో తన బూట్ సందేశాలు తానే పంపుతుంది. మీరు పిన్నులు చాలక ప్రింటర్‌ని అక్కడ తగిలిస్తే కరెంటు వచ్చినప్పుడల్లా పిచ్చి అక్షరాల చీటీ ఒకటి బయటికొస్తుంది. GPIO12 పవర్ వచ్చే క్షణంలో హై స్థాయిలో ఉంటే ఫ్లాష్‌కి 1.8 వోల్టులు పెట్టి, అసలు బూటే కాదు. కీప్యాడ్ లైను దాని మీద పడితే ఎవరో బటన్ నొక్కి ఉండగా కరెంటు వచ్చినప్పుడు మాత్రమే మిషన్ చచ్చిపోతుంది. ఆ కారణం కనుక్కోవడం ఎంత కష్టమో ఊహించుకోండి. గడియారానికి కాయిన్ సెల్ తగిలించే VBAT పిన్ లేదు, బయట డీఎస్3231 లాంటిది పెట్టాలి. G0B1లో ఆ పిన్ ఉంది. పాల లెక్కలో పూట తేడా పడితే బిల్లే తప్పు కాబట్టి గడియారం ఇక్కడ చిన్న విషయం కాదు.

అదే మీరు డెయిరీ చిల్లింగ్ సెంటర్లో, ఆఫీసు వైఫై ఉన్నచోట, ట్యాంకు ఉష్ణోగ్రత చూసే బాక్సు చేస్తుంటే కళ్లు మూసుకుని ESP32 మాడ్యూల్ తీసుకోమనేవాడిని.

ప్యాకేజీ

మీ బోర్డుకి పిన్నులు వేసి చూశాను. 4×4 కీప్యాడ్‌కి 8, ఆరు సీరియల్ లైన్లకి 12, ఎస్‌పీఐ ఫ్లాష్‌కి 4, ఎల్‌సీడీకి 6, మోడెమ్ ఆన్, రీసెట్, స్టేటస్‌కి 3, బజర్‌కి 1, బ్యాటరీ, సప్లై వోల్టేజీలు చూడటానికి 2, ప్రింటర్ పేపర్ సెన్సర్‌కి 1, ప్రోగ్రామింగ్‌కి 2, రెండు క్రిస్టళ్లకి 4. మొత్తం 43. F103C8లో వాడుకోదగ్గవి 37, అక్కడే ఆగిపోతుంది. 48 పిన్నుల G0B1లో 44, కాగితం మీద పట్టింది గానీ ఒక్కటే మిగులు. ఒక పెరిఫెరల్‌కి కావాల్సిన పిన్ను ఇంకోటి తీసేసుకుంటే మొత్తం తలకిందులవుతుంది. 64 పిన్నుల దాంట్లో 60 ఉంటాయి.

64 పిన్నుల ఎల్‌క్యూఎఫ్‌పీలో కాళ్లు బయటికి కనపడతాయి, మధ్య దూరం అర మిల్లీమీటరు. సన్న మొన సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్, భూతద్దం ఉంటే మీ షెడ్డులోనే మార్చుకోవచ్చు. కింద బంతులుండే బీజీఏ వైపు అసలు చూడొద్దు, టంకం పట్టిందో లేదో తెలియాలంటే ఎక్స్‌రే కావాలి. ఆర్డర్ కోడ్‌లో చివర N అక్షరం ఉన్న రకాలు (STM32G0B1RETxN లాంటివి) కొన్ని పిన్నుల్లో తేడాగా ఉంటాయి. చూసుకోకుండా అవి తెప్పిస్తే ఈ బోర్డు మీద కూర్చోవు.

మెగా నుంచి వస్తున్నారు కాబట్టి ఇంకొకటి: ఇది 3.3 వోల్టుల చిప్. కాటా, ఫ్యాట్ మిషన్ ఆర్‌ఎస్-232 అయితే మధ్యలో మ్యాక్స్3232 ఎలాగూ ఉంటుంది. 4జీ మోడెమ్‌లు చాలావరకు 1.8 వోల్టుల్లో మాట్లాడతాయి, వాటికి లెవెల్ మార్చే చిప్ తప్పనిసరి. నేరుగా తగిలిస్తే మోడెమ్ పోతుంది.

ఖర్చు, దొరకడం

చిప్పుల ధరలు నెలనెలా మారతాయి, మీ కొటేషన్లు మీరు పెట్టుకోండి. లెక్క వేసే తీరు మాత్రం ఇది. F103కీ G0B1కీ మధ్య 60 రూపాయల తేడా అనుకుందాం. వెయ్యి పీసులకి 60,000. ఇప్పుడు F103 వైపు స్విచ్ చిప్, పిన్నులు చాలక పెట్టే ఎక్స్‌పాండర్ ఖర్చు కలపండి. తర్వాత వెయ్యిలో 30 మిషన్లు ఆ స్విచ్ కారణంగా తిరిగి వస్తే మనిషి పలమనేరు, బంగారుపాళ్యం తిరిగే ఖర్చు కలపండి. ఆ 60,000 నిలబడుతుందో లేదో మీకే తెలుస్తుంది. ATmega2560ని అలాగే ఉంచేద్దామా అంటే, అది 100 పిన్నుల పాత చిప్, ఇచ్చే మెమరీకి ధర చాలా ఎక్కువ.

F103 గురించి ఇంకో జాగ్రత్త. 2021లో చిప్పుల కరువు వచ్చినప్పుడు దాని ధర ఎన్నో రెట్లు పెరిగింది, మార్కెట్లో పేరు మార్చి ముద్రించిన నకళ్లు నిండిపోయాయి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో రెండు ప్రోటోటైపులకి కొనడం వేరు, వెయ్యి పీసుల లాటు కొనడం వేరు. లాటు మాత్రం అధికారిక డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతో కొనండి. అన్ని నకళ్లూ దొరకవు గానీ, కొన్నిటిని ఓపెన్‌ఓసీడీ మొదటి కనెక్షన్‌లోనే పట్టేస్తుంది:

```
Warn : UNEXPECTED idcode: 0x2ba01477
Error: expected 1 of 1: 0x1ba01477
```

అసలు చిప్ `0x1ba01477` అంటుంది. పై సందేశం వస్తే చేతిలో ఉన్నది వేరే కంపెనీ చిప్. అది పనిచేయొచ్చు కూడా, కాని మీరు పరీక్షించింది దాన్ని కాదు.

టూల్స్

దీని మీద ఎక్కువ చెప్పను. STM32CubeIDE ఉచితం, కోడ్ సైజు మీద పరిమితి లేదు, కింద నడిచేది జీసీసీ. ఆర్డుయినో నుంచి వస్తున్నారు కాబట్టి ఎస్‌టీఎం32 ఆర్డుయినో కోర్‌తో మీ కోడ్‌ని ముందు లేపి చూడొచ్చు, కానీ అమ్మే ప్రోగ్రామ్‌లో సీరియల్, డీఎంఏ భాగాలు మీరే రాసుకోండి. ఎవరూ కాపీ కొట్టకుండా రీడవుట్ ప్రొటెక్షన్ లెవెల్ 1 పెట్టండి. లెవెల్ 2 పెట్టారంటే డీబగ్ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది, మళ్లీ మీకు కూడా తెరుచుకోదు.

బోర్డు గీయకముందు చేయాల్సిన పని ఇదీ. STM32CubeMX తెరిచి G0B1RE ఎంచుకుని పై 43 పిన్నులూ ఒక్కొక్కటే పెట్టండి. ఎరుపు రంగులో గొడవ చూపిస్తే అక్కడికక్కడే పిన్ను మార్చండి. NUCLEO-G0B1RE బోర్డు ఒకటి తెప్పించండి, ప్రోగ్రామర్ దాని మీదే ఉంటుంది. కాటా, ఫ్యాట్ మిషన్, ప్రింటర్, మోడెమ్ నాలుగూ దానికి తగిలించి ఒకేసారి మాట్లాడించండి. ఆ సమయంలోనే ఫ్లాష్ పేజీలు వరసగా చెరుపుతూ, అన్ని యూఆర్ట్‌లలో ORE బిట్ ఎన్నిసార్లు లేచిందో డీబగ్ లైను మీద లెక్కపెట్టండి. తర్వాత అదే సెటప్‌ని దగ్గర్లోని ఒక సెంటర్లో ఒక పూట పాత మిషన్ పక్కన పెట్టి నడిపించండి, ఆ లెక్క సున్నాగా ఉంటేనే పీసీబీకి పంపండి.

మీ ఫ్యాట్ మిషన్ ఏ మోడలో, అది ఫలితాన్ని అడిగితే పంపుతుందా, తానే పంపుతుందా, ఎంత వేగంతో పంపుతుందో ఇక్కడ రాయండి. అడిగితేనే పంపే రకం అయితే పైన స్విచ్ గురించి చెప్పిన దాంట్లో కొంత సడలింపు ఉంది, అప్పుడు 48 పిన్నుల దాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకోవచ్చు.